ఎఫ్‌డీ వడ్డీలో టీడీఎస్ కోత పడకుండా: సీనియర్ సిటిజన్ ఫారం 15హెచ్ ఎలా నింపాలి?

మా మేనమామ హైస్కూలు టీచరుగా రిటైరయ్యారు. వయసు 67. 2025 ఏప్రిల్‌లో ఒకరోజు పాస్‌బుక్కులు, ఎఫ్‌డీ రసీదులు అన్నీ ముందేసుకుని నన్ను పిలిచారు. "పెన్షనే నెలకు నలభై అయిదు వేలు వస్తోంది కదరా. నేను పన్ను పరిధిలో ఉన్నట్టే. ఇంకా 15హెచ్ ఇస్తే తప్పుడు సంతకం పెట్టినట్టు అవుతుందేమో" అన్నారు. ఆయన భయంలో న్యాయం ఉంది. ఈ ఫారం కింద పెట్టే సంతకం ఉత్త లాంఛనం కాదు, ఈ ఏడాది నాకు పన్ను పడదని చట్టం ముందు ఇచ్చే వాంగ్మూలం. కానీ ఆయన విషయంలో ఆ భయం అక్కర్లేదు. ఎందుకు అక్కర్లేదో లెక్క వేసి చూపించి, ఫారం దగ్గర కూర్చుని నింపించాను. అదే వరసలో ఇక్కడ రాస్తున్నాను. అంకెలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేది 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం. దాంతో సెక్షన్ల నంబర్లు, ఫారాల నంబర్లు మారతాయి కాబట్టి, ఆ తర్వాతి సంవత్సరాలకు బ్యాంకులో అప్పటికి అమల్లో ఉన్న ఫారమే అడిగి తీసుకోవాలి.

ముందు తేల్చుకోవాల్సింది: అసలు కోత పడుతుందా?

ఎఫ్‌డీ వడ్డీలోంచి బ్యాంకు ముందుగానే కొంత పట్టుకుని, మన పాన్ పేరిట ప్రభుత్వానికి కట్టేదే టీడీఎస్. సీనియర్ సిటిజన్‌కు ఒక బ్యాంకులో అన్ని బ్రాంచీలూ కలిపి ఏడాది వడ్డీ లక్ష రూపాయలు దాటితేనే ఈ కోత ఉంటుంది. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ పరిమితి 50 వేలే. లక్ష దాటితే, దాటిన ముక్క మీద కాదు, మొత్తం వడ్డీ మీద 10 శాతం పట్టుకుంటారు. సేవింగ్స్ ఖాతా వడ్డీకి టీడీఎస్ లేదు.

ఈ లక్ష లెక్క ఏ బ్యాంకుకు ఆ బ్యాంకే చూసుకుంటుంది. అందుకని మూడు చోట్ల డిపాజిట్లు ఉంటే మూడు చోట్లా ఫారం ఇవ్వాలని లేదు. ఎక్కడ లక్ష దాటుతుందో అక్కడ ఇస్తే చాలు. మామయ్యకు మూడు చోట్ల డబ్బుంది. మొదటి బ్యాంకులో 12 లక్షలది ఒకటి, 8 లక్షలది ఒకటి, రెండు ఎఫ్‌డీలు. రెండూ 7 శాతానికే, మూడు నెలలకోసారి వడ్డీ ఖాతాలో పడుతుంది. ఏడాదికి 84,000, 56,000 కలిపి 1,40,000. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 15 లక్షలు, 8.2 శాతం వడ్డీ, ఏడాదికి 1,23,000. రెండో బ్యాంకులో 5 లక్షల క్యుములేటివ్ డిపాజిట్, ఈ ఏడాదికి దాని వడ్డీ సుమారు 36,000. అంటే రెండో బ్యాంకులో కోత లేదు, ఫారమూ అక్కర్లేదు. మొదటి బ్యాంకులో 14,000, పోస్టాఫీసులో 12,300, మొత్తం 26,300 రూపాయలు ఫారం ఇవ్వకపోతే పోతాయి. పోతాయంటే ఎప్పటికీ పోవడం కాదు, రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి. కానీ ఆ వడ్డీతోనే మందులు కొనుక్కునే మనిషికి ఏడాది పైగా ఆ డబ్బు చేతికి రాదు.

క్యుములేటివ్ డిపాజిట్ దగ్గర చాలామంది ఒక పొరపాటు చేస్తారు. వడ్డీ చేతికి రాలేదు కదా, మెచ్యూరిటీ నాడు చూసుకుందాం అనుకుంటారు. బ్యాంకు మాత్రం ఏ ఏటి వడ్డీని ఆ ఏడాదే లెక్కగట్టి, పరిమితి దాటితే ఆ ఏడాదే టీడీఎస్ కోస్తుంది. కాబట్టి మన లెక్కలోనూ ఆ 36,000 ఉండాలి.

ఎవరు ఇవ్వచ్చు: ఆదాయం ఎంతని కాదు, పన్ను ఎంతని చూడాలి

15హెచ్ ఇవ్వాలంటే మనిషి భారతదేశంలో రెసిడెంట్ అయి ఉండాలి. ఆ ఆర్థిక సంవత్సరంలో ఏ రోజుకైనా 60 ఏళ్లు నిండాలి. 2026 ఫిబ్రవరిలో 60 నిండేవారు కూడా 2025 ఏప్రిల్‌లోనే ఇవ్వచ్చు. అయితే కంప్యూటర్ ఇంకా 59 చూపిస్తోందని కౌంటర్లో కాదనే అవకాశం ఉంది. అప్పుడు పుట్టిన తేదీ చూపించి, "సంవత్సరంలో ఏ రోజుకైనా" అన్న మాట గుర్తుచేయాలి. ఎన్‌ఆర్‌ఐలు ఇవ్వకూడదు. అవిభక్త హిందూ కుటుంబం పేరు మీద ఉన్న డిపాజిట్‌కూ ఇది పనికిరాదు. అరవై నిండని వాళ్లది ఫారం 15జీ, దాని షరతులు వేరు.

వీటన్నిటికన్నా ముఖ్యమైన షరతు ఒకటుంది. ఆ ఏడాది మొత్తం ఆదాయం మీద కట్టాల్సిన పన్ను సున్నా అవుతుందని మనం ప్రకటించాలి. మామయ్య తడబడింది ఇక్కడే. ఆదాయం మినహాయింపు పరిమితి దాటితే ఫారం ఇవ్వకూడదని చాలామంది అనుకుంటారు. సెక్షన్ 87ఏ కింద పన్నులో ఇచ్చే తగ్గింపు, అంటే రిబేటు, తీసేశాక పన్ను సున్నా అయ్యేవారి 15హెచ్‌ను కూడా బ్యాంకు తీసుకోవాలని 2019 మే నెలలో ఫారంలోనే సవరణ చేశారు. 2025-26లో కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి మొత్తం ఆదాయం 12 లక్షల వరకు ఆ రిబేటు వస్తుంది. కాబట్టి పెన్షను ఉన్నా, వడ్డీ ఉన్నా, మొత్తం 12 లక్షలు దాటని చాలామంది పెద్దవాళ్లు నిశ్చింతగా సంతకం పెట్టవచ్చు.

ఫారం ముట్టుకోకముందు కాగితం మీద లెక్క

ఈ మెట్టు దాటేసి నేరుగా ఫారం పట్టుకునేవాళ్లే తర్వాత ఇరుక్కుంటారు. ఒక తెల్లకాగితం తీసుకుని ఏడాదికి వచ్చేవన్నీ రాయాలి: పెన్షను, అన్ని చోట్ల వడ్డీలు, సేవింగ్స్ ఖాతా వడ్డీతో సహా, ఇంటద్దె ఏమైనా ఉంటే అది, షేర్లు గానీ మ్యూచువల్ ఫండ్లు గానీ స్థలం గానీ అమ్మాలనుకుంటే దాని లాభం. పీపీఎఫ్ వడ్డీకి పన్ను లేదు కాబట్టి అది రాయక్కర్లేదు. పిల్లలు పంపే డబ్బూ ఆదాయం కాదు.

మామయ్య పెన్షను ఏడాదికి 5,40,000. కొత్త విధానంలో పెన్షను మీద స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 4,65,000. వడ్డీలు మొదటి బ్యాంకు 1,40,000, పోస్టాఫీసు 1,23,000, రెండో బ్యాంకు 36,000, సేవింగ్స్ 6,000, కలిపి 3,05,000. మొత్తం ఆదాయం 7,70,000. కొత్త విధానంలో మొదటి 4 లక్షలకు పన్ను లేదు. మిగిలిన 3,70,000 మీద 5 శాతం అంటే 18,500. ఆదాయం 12 లక్షల లోపే కాబట్టి ఆ 18,500 పూర్తిగా రిబేటులో పోతుంది. పన్ను సున్నా. ఫారం ఇవ్వచ్చు.

ఇదే మనిషి పాత విధానంలో ఉంటే ఏమవుతుందో చూడండి. పెన్షను మీద 50,000 తీస్తే 4,90,000, వడ్డీలు కలిపితే 7,95,000. సీనియర్ సిటిజన్లకు వడ్డీ మీద ఇచ్చే 80టీటీబీ మినహాయింపు 50,000 తీసేసినా 7,45,000 మిగులుతుంది. పాత విధానంలో రిబేటు 5 లక్షల ఆదాయం వరకే. సెస్సుతో కలిపి పన్ను 61,360 రూపాయలు. అప్పుడు 15హెచ్ ఇస్తే అది అబద్ధపు ప్రకటనే. అందుకే ఏ విధానంలో రిటర్ను వేస్తారో ముందే తేల్చుకోవాలి. రిబేటు లెక్క కొత్త విధానంలో వేసి, రిటర్ను అలవాటు కొద్దీ పాత విధానంలో వేస్తే అక్కడే చిక్కుకుంటారు.

ఇంకో ప్రమాదం మూలధన లాభాల దగ్గర ఉంది. ప్రత్యేక రేటుతో పన్ను పడే లాభాలకు కొత్త విధానపు రిబేటు వర్తించదు. ఉదాహరణకు మామయ్య ఏడాది దాటిన ఈక్విటీ ఫండ్లు అమ్మి 2 లక్షల లాభం తెచ్చుకున్నారనుకుందాం. అందులో 1,25,000 వరకు పన్ను లేదు. మిగిలిన 75,000 మీద 12.5 శాతం, అంటే సెస్సు కాకుండానే 9,375 రూపాయలు కట్టాలి. మొత్తం ఆదాయం 12 లక్షల లోపే ఉన్నా పన్ను సున్నా కాలేదు కాబట్టి ఆ ఏడాది 15హెచ్ ఇచ్చే అర్హత పోయినట్టే. స్థలం అమ్మినా లెక్క ఇలాగే చూసుకోవాలి. అలాగే మొత్తం ఆదాయం 12 లక్షలు కొంచెం దాటినా కొంత పన్ను పడుతుంది కాబట్టి అక్కడా ఫారం కుదరదు.

పాన్ సరిగ్గా ఉందా?

పాన్ లేకుండా ఇచ్చిన 15హెచ్ చెల్లదు, పైగా కోత 10 కాస్తా 20 శాతం అవుతుంది. ఆధార్‌తో లింకు కాక పాన్ పనిచేయకుండా పోయినా బ్యాంకు పాన్ లేనట్టే చూస్తుంది. ఎనభై నిండినవారికి ఈ లింకు తప్పనిసరి కాదు. మిగతావారు ఆదాయపు పన్ను పోర్టల్‌లో లింకు సంగతి ఒకసారి చూసుకుని అప్పుడు ఫారం పట్టుకోవాలి. జాయింట్ డిపాజిట్ అయితే మొదట ఎవరి పేరు ఉందో ఆ పాన్ మీదే కోత పడుతుంది, ఫారం కూడా వాళ్లే ఇవ్వాలి.

ఫారం నింపడం

ఫారంలో రెండు భాగాలున్నాయి. మొదటిది మనది, రెండోది బ్యాంకు నింపుకునేది. రెండో భాగం ఖాళీగా వదిలేయాలి.

మొదటి పదమూడు గడులు తేలికే. పేరు పాన్ కార్డు మీద ఉన్నట్టే, తర్వాత పాన్ నంబరు, పుట్టిన తేదీ, చిరునామా, ఈమెయిల్, ఫోను. నాలుగో గడిలో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. అక్కడ "ప్రీవియస్ ఇయర్" అని ఉంటుంది. ఆ మాట చూసి కిందటి సంవత్సరం రాసేస్తుంటారు. పన్ను భాషలో ఆదాయం వచ్చే సంవత్సరానికే ఆ పేరు. కాబట్టి 2025-26 అని రాయాలి. కింద డిక్లరేషన్‌లో అసెస్‌మెంట్ ఇయర్ అడిగిన చోట 2026-27 రాయాలి.

పద్నాలుగో గడిలో మీరు పన్ను మదింపుకు వచ్చారా అని అడుగుతారు. గత ఆరు అసెస్‌మెంట్ సంవత్సరాల్లో ఏ ఒక్కదానికైనా మదింపు జరిగి ఉంటే అవునని రాసి, ఆఖరి అసెస్‌మెంట్ ఇయర్ పక్కన వేయాలి. "అవును అంటే ఫారం తిరగ్గొడతారేమో" అని మామయ్య కలం ఆపారు. తిరగ్గొట్టరు. అది పాత సమాచారం మాత్రమే, ఈ ఏటి అర్హతతో దానికి సంబంధం లేదు.

పదిహేను, పదహారు, పదిహేడు గడులే ఈ ఫారానికి గుండెకాయ.

పదిహేనో గడిలో ఈ ఒక్క ఫారం ఏ వడ్డీ కోసం ఇస్తున్నామో ఆ మొత్తమే రాయాలి. మొదటి బ్యాంకు ఫారంలో 1,40,000. పదహారో గడిలో అన్నీ కలిపిన ఏడాది మొత్తం ఆదాయం, స్టాండర్డ్ డిడక్షన్ లాంటివి తీసేశాక వచ్చేది. మామయ్యకు 7,70,000. ఈ రెండు గడుల్లో ఒకే అంకె వేసేవాళ్లను చూశాను. పెన్షను ఉన్న మనిషి ఫారంలో రెండూ ఒకటే అయితే పెన్షను దాచినట్టు కనిపిస్తుంది. పదిహేడో గడిలో ఈ ఏడాది ఇంతకుముందు వేరే చోట ఇచ్చిన 15హెచ్‌లు ఎన్ని, వాటిలో చూపిన ఆదాయం ఎంత అని రాయాలి. మొదటి ఫారం కాబట్టి సున్నా, సున్నా.

మూడు రోజుల తర్వాత పోస్టాఫీసులో ఇచ్చిన ఫారంలో పదిహేనో గడి 1,23,000 అయింది. పదహారో గడి మారలేదు, అదే 7,70,000. పదిహేడో గడిలో ఒక ఫారం, 1,40,000 అని వేశాం. ఫారాలు ఏ వరసలో ఇస్తామో ఆ వరసలోనే ఈ గడి పెరుగుతూ పోతుంది. అందుకే ఇచ్చిన ప్రతి ఫారం నకలూ దాచుకోవాలి.

పద్దెనిమిదో గడి పట్టికలా ఉంటుంది. ఒక్కో డిపాజిట్‌కు ఒక్కో వరస: ఖాతా నంబరు, ఆదాయం రకం దగ్గర ఎఫ్‌డీ వడ్డీ, సెక్షన్ దగ్గర `194A`, చివర ఆ డిపాజిట్ మీద వడ్డీ. అన్ని వరసల మొత్తం పదిహేనో గడితో సరిపోవాలి. మామయ్యది 84,000 ఒక వరస, 56,000 ఒక వరస. చివర సంతకం, డిక్లరేషన్ దగ్గర మళ్లీ సంతకం. తెలిసి తప్పుడు ప్రకటన ఇస్తే సెక్షన్ 277 కింద జరిమానాతో పాటు జైలు శిక్షకూ అవకాశం ఉందని ఫారంలోనే రాసి ఉంటుంది. లెక్క నిజమైతే దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

ఎప్పుడు, ఎలా ఇవ్వాలి

ఏప్రిల్ మొదటి వారంలో ఇవ్వడం మేలు. బ్యాంకు వడ్డీ జమ చేసినప్పుడల్లా కోత చూసుకుంటుంది. ఆలస్యమైతే ఆ లోపు కోసింది కోసినట్టే ఉంటుంది. ప్రభుత్వానికి కట్టేసిన టీడీఎస్‌ను బ్యాంకు తిరిగి ఇవ్వలేదు. ఇది ఏటా కొత్తగా ఇవ్వాల్సిందే, కిందటేడు ఇచ్చింది ఈ ఏడాదికి పనికిరాదు. మధ్యలో కొత్త ఎఫ్‌డీ వేస్తే దానికీ ఇవ్వాలి.

నెట్‌బ్యాంకింగ్‌లో చాలా బ్యాంకులు ఈ ఫారం పెట్టాయి. అక్కడ డిపాజిట్లు వాటంతట అవే కనిపిస్తాయి, ఓటీపీతో పంపి రసీదు దించుకోవచ్చు. బ్రాంచికి వెళ్తే రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకుని తెచ్చుకోవాలి. "ఇచ్చేసి వెళ్లండి, చూసుకుంటాం" అంటే ముద్ర లేకుండా కదలకండి. కారణం చెప్తాను.

మామయ్య 8 లక్షల ఎఫ్‌డీ రిటైరైన కొత్తలో వేరే బ్రాంచిలో వేసింది. అక్కడ ఆయనకు ఇంకో కస్టమర్ నంబరు ఇచ్చారు. మేం ఇచ్చిన ఫారంలో రెండు ఎఫ్‌డీలూ ఉన్నా, కౌంటర్లో ఒక కస్టమర్ నంబరు మీదే ఎక్కించారు. జూన్ చివర 8 లక్షల ఎఫ్‌డీకి 14,000 పడాల్సింది 12,600 పడింది. మిగతా 1,400 టీడీఎస్‌కు పోయింది. ముద్ర వేసిన నకలు చూపించాక రెండో నంబరు మీదా ఫారం ఎక్కించారు, సెప్టెంబరు నుంచి పూర్తి వడ్డీ వచ్చింది. కానీ ఆ 1,400 అప్పటికే ప్రభుత్వానికి చేరిపోయింది. ఒకే బ్యాంకులో మీకు రెండు కస్టమర్ నంబర్లు ఉంటే ముందే ఒకటిగా కలిపించుకోండి. కుదరకపోతే రెండిటి మీదా ఫారం ఎక్కిందో లేదో అడిగి మరీ తేల్చుకోండి.

ఎక్కిందో లేదో చూసుకోవడం

మొదటి త్రైమాసికం వడ్డీ పడిన రోజే పాస్‌బుక్ చూడాలి. తర్వాత పోర్టల్‌లో, మన పాన్ మీద పడిన టీడీఎస్ వివరాలు చూపించే ఫారం 26ఏఎస్ తెరవాలి. కోత పడి ఉంటే మొదటి భాగంలో కనిపిస్తుంది. 15హెచ్ సక్రమంగా నమోదైతే ఆ వడ్డీ `PART-II` లో, 15జీ, 15హెచ్ వివరాల కింద, టీడీఎస్ సున్నాగా కనిపిస్తుంది. బ్యాంకులు మూడు నెలలకోసారి వివరాలు పంపుతాయి కాబట్టి అక్కడికి చేరడానికి కొంత వ్యవధి పడుతుంది.

ఏడాది మధ్యలో పరిస్థితి మారితే, అంటే ఫండ్లు అమ్మడమో స్థలం అమ్మడమో జరిగి పన్ను పడేలా ఉంటే, ఇచ్చిన 15హెచ్‌ను వెనక్కి తీసుకుంటున్నానని బ్యాంకుకు రాసి ఇచ్చి రసీదు తీసుకోవాలి. వ్యాపార ఆదాయం లేని సీనియర్ సిటిజన్లకు అడ్వాన్స్ టాక్స్ బాధ్యత లేదు కాబట్టి, ఆ పన్ను రిటర్ను వేసేటప్పుడు కట్టేయవచ్చు.

15హెచ్ ఇచ్చాం కదా, ఇంక రిటర్ను అక్కర్లేదనుకోవడం మరో పొరపాటు. ఫారం ఆపేది కోతను మాత్రమే. కొత్త విధానంలో ఆదాయం 4 లక్షలు దాటితే, రిబేటు వల్ల పన్ను సున్నా అయినా రిటర్ను వేయాల్సిందే. మామయ్య రిటర్నులో పెన్షనుతో పాటు సేవింగ్స్‌తో సహా అన్ని వడ్డీలూ చూపించాలి. జూన్‌లో కోసిన ఆ 1,400 రూపాయలు రిఫండుగా తిరిగి వచ్చేదీ ఆ రిటర్నులోనే.